పెళ్లి వేళకే అన్నయ్య పోస్టు పడాలంటే

ప్రశ్న: చెల్లి పెళ్లి ఆదివారం ఉదయం 9:15కి. విదేశంలో ఉన్నాను, వెళ్లలేకపోతున్నాను. మా ఇద్దరి చిన్ననాటి ఫొటోకి నాలుగు మాటలు రాసి సరిగ్గా ఆ సమయానికే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలని ఉంది. మా టైము పదిన్నర గంటలు వెనక. ఆ వేళకి డ్యూటీలో ఉంటాను. ముందే పెట్టి ఉంచే వీలుందా?

జవాబు: ఉంది. ఫొటో ఎంచుకుని క్యాప్షన్ రాసే పేజీ దాకా వెళ్లండి. కింద "More options" లో "Schedule this post" ఆన్ చేసి తేదీ, సమయం ఇవ్వండి. 75 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు.

ఎక్కువమంది పొరపడేది తేదీ దగ్గరే. యాప్ మీ ఫోన్ గడియారాన్నే చూస్తుంది, చెల్లి ఊరి గడియారాన్ని కాదు. అక్కడ ఆదివారం ఉదయం 9:15 అంటే మీకు శనివారం రాత్రి 10:45. పెళ్లి ఆదివారమే కదా అని ఆదివారం రాత్రి 10:45 పెడితే, పోస్టు పడేసరికి అక్కడ సోమవారం ఉదయం అవుతుంది. మీరుండే దేశంలో ఈలోగా గడియారాలు గంట మార్చే రోజు వస్తే తేడా కూడా మారుతుంది. ఫోన్ క్లాక్ యాప్‌లో చెల్లి ఊరిని చేర్చుకుని, పెళ్లి ముందు రోజు ఒకసారి సరిచూసుకోండి.

ఒక ఇబ్బంది ఉంది. షెడ్యూల్ సౌకర్యానికి ప్రొఫెషనల్ అకౌంట్ కావాలి, అది ప్రైవేటుగా ఉండదు. మీది ప్రైవేటు అకౌంటయితే, మార్చిన క్షణం నుంచి పాత ఇంటి ఫొటోలన్నీ ఎవరైనా చూడగలుగుతారు. ఒక్క పోస్టు కోసం అంత పని నేనైతే వద్దంటాను. దానికి బదులు క్యాప్షన్ రాశాక వెనక్కి నొక్కి "Save draft" అనండి. శనివారం రాత్రి 10:40కి అలారం పెట్టుకుంటే, డ్యూటీ మధ్యలో "Drafts" తెరిచి "Share" నొక్కడానికి నిమిషం చాలు. డ్రాఫ్ట్ ఆ ఒక్క ఫోన్‌లోనే ఉంటుంది, యాప్ తీసేస్తే పోతుంది. కాబట్టి మాటల్ని నోట్స్‌లో కూడా కాపీ చేసి ఉంచండి.

ఇక మాటలు. ఫీడ్‌లో మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది "more" వెనక దాగుతుంది. "హ్యాపీ మ్యారీడ్ లైఫ్" అని మొదలుపెడితే మీ మాట అసలు కనబడదు. చెల్లిని పిలిచి, రాలేదన్న సంగతి మొదటి వరుసలోనే చెప్పేయండి:

"చిన్నీ, ఈ రోజు నీ పక్కన ఉండాల్సినవాణ్ణి, రాలేకపోయాను. ఈ ఫొటోలో నా చొక్కా పట్టుకుని నిలబడ్డావు చూడు, ఆ చెయ్యి ఇవాళ ఇంకొకరి చేతిలో పెడుతున్నారు. బావగారూ, దానికి కోపం వస్తే మాట్లాడదు. కాసేపాగి పలకరించండి, చాలు."

ఇలా మీ ఇద్దరికే తెలిసిన సంగతి ఒక్కటుంటే చాలు. పెళ్లి లైవ్ లింకు మాత్రం ఇందులో పెట్టకండి. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో లింకు నొక్కినా తెరుచుకోదు, బంధువులకి విడిగా వాట్సాప్‌లో పంపండి. పోస్టు పడ్డాక అక్షరదోషం కనిపిస్తే కంగారుపడి తీసేయకండి. మూడు చుక్కలు నొక్కి "Edit" లో దిద్దుకోవచ్చు, అప్పటికే వచ్చిన కామెంట్లు అలాగే ఉంటాయి.