రెండో ఉద్యోగం: ముందు చూడవలసింది నియామక పత్రం

ప్రశ్న: కడపలో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. సాయంత్రాలు పార్ట్‌టైం పని చేసుకోవచ్చా?

మీ నియామక పత్రం, కంపెనీ సేవా నిబంధనలు నిషేధించకపోతే చేసుకోవచ్చు, నిషేధిస్తే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఆఫీసు ఉద్యోగుల విషయాన్ని ప్రధానంగా తేల్చేది ఈ ఒప్పందమే. ఫ్యాక్టరీ, గని కార్మికుల రెండో కొలువుపై మాత్రం చట్టంలోనే ఆంక్ష ఉంది.

ఉదాహరణకు, ఫైనాన్స్ కంపెనీ అకౌంటెంటు ఒకరు రాత్రిళ్లు ఎర్రముక్కపల్లి దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు వేస్తారనుకుందాం. ఆయన పత్రంలో ‘ప్రతిఫలం ఉన్నా లేకున్నా మరే పనీ చేపట్టరాదు’ అని ఉంటే, ఆ పని కంపెనీకి పోటీ కాకపోయినా ఉల్లంఘన కిందికే వస్తుంది.

పని వేళలు ముగిశాక ఏం చేసినా కంపెనీకి సంబంధం లేదన్నది చాలామందిలో ఉన్న అపోహ. ఎవరికీ తెలియదన్న ధీమా కూడా అలాంటిదే: రెండో యజమాని పీఎఫ్ కడితే, ఒకే యూఏఎన్ కింద ఒకే నెలకు రెండు జమలు కనిపిస్తాయి.