ఎంటెక్ కన్నా ముందు ఇంగ్లిష్ పరీక్ష

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయికి 30 ఏళ్లు, పెళ్లి కాలేదు. బీటెక్ చదివి రుషికొండలో నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. కెనడా వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ రాస్తే లిజనింగ్‌లో 7.5, రీడింగ్‌లో 7, రైటింగ్‌లో 6.5, స్పీకింగ్‌లో 7 వచ్చాయి. ఎంటెక్ చేస్తే పాయింట్లు పెరుగుతాయంటున్నారు. ఉద్యోగం మాన్పించవచ్చా?

జవాబు: మాన్పించకండి. కెనడాలో స్థిరపడాలనుకునేవారిని పాయింట్లు వేసి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో మీ అబ్బాయికి ఇప్పుడు వయసుకు 105, బీటెక్‌కు 120, ఇంగ్లిష్‌కు 108 వస్తాయి. ఇక్కడి ఉద్యోగానుభవానికి విడిగా ఒక్క పాయింటు కూడా ఉండదు. దాన్ని ఇంగ్లిష్‌తో జతకట్టి చూస్తారు. చదువును కూడా అలాగే మరోసారి జతకడతారు. ఆ రెండు జతలకు కలిపి ఇప్పుడు వచ్చేది 38. మొత్తం 371.

అసలు మెలిక ఈ జతల దగ్గరే ఉంది. ఐఈఎల్‌టీఎస్ మార్కులను కెనడా సీఎల్‌బీ అనే కొలమానంలోకి మారుస్తుంది. అందులో తొమ్మిదో స్థాయికి లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున రావాలి. నాలుగూ ఆ గీతను చేరితేనే జతల పాయింట్లు దాదాపు రెట్టింపవుతాయి. మీ అబ్బాయి లిజనింగ్‌లోనూ రైటింగ్‌లోనూ అర బ్యాండు చొప్పున వెనకబడ్డాడు. ఆ రెండూ సరిచేసుకుంటే ఇంగ్లిష్‌కు 124, జతలకు 75 వచ్చి మొత్తం 424 అవుతుంది. రైటింగ్ ఒక్కటే పెరిగితే లాభం 8 పాయింట్లే.

ఇప్పుడు ఎంటెక్ లెక్క చూడండి. చదువుకు 15, జతలో 12 పెరుగుతాయి. కానీ పూర్తయ్యేసరికి 32 ఏళ్లు వస్తాయి కాబట్టి వయసు పాయింట్లు 94కు పడిపోతాయి. ఇంగ్లిష్ ఇలాగే ఉంటే రెండేళ్ల తర్వాత చేరేది 387కే. పైగా ఐఈఎల్‌టీఎస్ ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, పరీక్ష మళ్లీ రాయక తప్పదు. అనుభవం మూడేళ్లు దాటింది కాబట్టి, ఇక్కడ ఇంకా ఎన్నేళ్లు పనిచేసినా ఆ జతలో పాయింట్లు పెరగవు.

అయితే 424 వస్తే పిలుపు వచ్చేసినట్లే అనుకోవద్దు. 2024లో ఏ వర్గానికీ పరిమితం కాని సాధారణ ఎంపికల్లో కటాఫ్ 500 పైనే ఉంది. ఆ లోటు తీరడానికి నాకు కనిపించే దారులు రెండు. ఒకటి, కెనడాలోని ఏదైనా రాష్ట్రం నామినేట్ చేస్తే వచ్చే 600 పాయింట్లు. రెండోది ఫ్రెంచ్. నాలుగు నైపుణ్యాల్లోనూ ఏడో స్థాయి సాధిస్తే అదనంగా 50 పాయింట్లు వస్తాయి, ఫ్రెంచ్ వచ్చినవారికి జరిగే ప్రత్యేక ఎంపికల్లోనూ చోటు దొరుకుతుంది. ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు నేర్చుకోవచ్చు. ఎంటెక్‌కు పెట్టే రెండేళ్లు దీనికి పెట్టడమే మేలని నా అభిప్రాయం.

పరీక్షకు మళ్లీ దరఖాస్తు చేసేటప్పుడు జనరల్ ట్రైనింగ్ ఎంచుకోమనండి. అకడమిక్ రాస్తే ఈ దరఖాస్తుకు పనికిరాదు. మొదటిసారి రాసింది ఏదో కూడా ఫలితాల పత్రంలో ఒకసారి చూడండి. ఈలోగా ఆఫీసు నుంచి హోదా, చేసే పనులు, వారానికి పనిగంటలు, జీతం రాసి ఉన్న లేఖ తీసుకోవాలి. చేరిన తేదీ మాత్రమే ఉన్న సర్టిఫికెట్‌తో అనుభవాన్ని లెక్కలోకి తీసుకోరు.