స్మార్ట్ సిటీ కంపెనీని కౌన్సిల్ ఎక్కడ పట్టుకోవచ్చు?

ప్రశ్న: మా వీధిలో స్మార్ట్ సిటీ కింద వేసిన రోడ్డు, లైట్లు పాడయ్యాయి. కార్పొరేటర్‌ని అడిగితే "అది కంపెనీ పని, మా చేతిలో లేదు" అంటున్నారు. ఇది నిజమేనా? గెలిచిన కౌన్సిల్‌కి అడిగే హక్కే లేదా?

జవాబు: ఆయన చెప్పింది సగమే నిజం. నేను ఒక కార్పొరేషన్‌లో అకౌంట్స్ విభాగంలో పనిచేశాను కాబట్టి, అక్కడ చూసింది కలిపి చెబుతాను.

2015లో మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్ డబ్బు నేరుగా కార్పొరేషన్ ఖాతాలో పడలేదు. ప్రతి నగరం కంపెనీల చట్టం కింద ఒక లిమిటెడ్ కంపెనీ పెట్టాలన్నారు. అందులో రాష్ట్ర ప్రభుత్వానికి సగం, కార్పొరేషన్‌కి సగం వాటా. ప్రాజెక్టుకి సంబంధించి కౌన్సిల్‌కి ఉన్న హక్కుల్ని, బాధ్యతల్ని ఈ కంపెనీకి అప్పగించమని మార్గదర్శకాలే ప్రోత్సహించాయి. సీఈఓని మూడేళ్లలోపు తీసేయాలంటే కేంద్రం అనుమతి కావాలన్నారు. మేయర్ బోర్డులో ఉండాలన్న షరతు మాత్రం లేదు. అందుకే నవీ ముంబై కార్పొరేషన్ 2015 డిసెంబరులో ఈ ప్రతిపాదనని తిరస్కరించింది. పుణె కౌన్సిల్ పట్టుబట్టి చర్చించాక ఒప్పుకుంది, అక్కడ మేయర్‌కి, స్టాండింగ్ కమిటీ చైర్మన్‌కి బోర్డులో చోటు దక్కింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ చర్చ జరగడానికి కౌన్సిళ్లే లేవు. విశాఖ, కాకినాడ 2016 జనవరిలో ఎంపికయ్యాయి, తిరుపతి అదే ఏడాది సెప్టెంబరులో. విశాఖలో పాత కౌన్సిల్ గడువు 2012లోనే అయిపోయింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది, దాని మొదటి ఎన్నికలు కూడా 2021లోనే. కాకినాడ 2017 ఆగస్టు దాకా ఆగింది. కౌన్సిల్ లేనప్పుడు దాని అధికారాలు స్పెషల్ ఆఫీసర్‌వి. అంటే కౌన్సిల్ తన అధికారాన్ని కంపెనీకి ఇవ్వాలా వద్దా అన్నది, ఎవరూ ఓటేసి గెలిపించని ఒక అధికారి చేతిలో పడింది. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దీని ఫలితం ఎక్కడ బయటపడుతుందంటే, నిర్వహణ ఖర్చులో. మా దగ్గర కంపెనీ ఒక కంట్రోల్ సెంటర్ కట్టింది. కాంట్రాక్టులో నిర్వహణ గడువు ఉన్నన్నాళ్లు అంతా బాగానే నడిచింది. అది ముగిశాక కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు, కెమెరాల రిపేర్లు అన్నీ కార్పొరేషన్ సాధారణ నిధి మీద పడ్డాయి. అంటే ఆస్తి పన్ను డబ్బు మీద. బడ్జెట్ సమావేశంలో ఒకే ఒక్క పద్దు కింద అది కనిపించింది. ఏ షరతులతో అప్పగించారో ఆ కాగితం చూసిన కార్పొరేటర్ ఒక్కరూ లేరు. మీ వీధి లైట్ల విషయంలో కూడా మొదట అడగాల్సింది అదే: కార్పొరేషన్‌కి అప్పగించారా, ఏ తేదీన, కాంట్రాక్టర్ బాధ్యత ఎప్పటి వరకు? అప్పగింత జరిగి ఉంటే "మా చేతిలో లేదు" అన్న మాట చెల్లదు. బాధ్యత గడువు మిగిలి ఉంటే కాంట్రాక్టర్ తన ఖర్చుతో బాగుచేయాలి. ఈ వివరాలు ఆర్టీఐ కింద కంపెనీని, కార్పొరేషన్‌ని విడివిడిగా అడగండి.

ఇక కౌన్సిల్ హక్కు సంగతి. కార్పొరేషన్ సగం వాటాదారు కదా. మరి వాటాదారుల సమావేశంలో కార్పొరేషన్ తరఫున కూర్చునేది ఎవరు? మామూలుగా కమిషనర్. ఆయన్ని నియమించేది రాష్ట్రమే. అంటే కాగితం మీద సగం సగం అయినా, రెండు వైపులా మాట్లాడేది రాష్ట్ర ప్రభుత్వమే. అసలు ముడి ఇక్కడుంది.

కంపెనీల చట్టం 113వ సెక్షన్ ప్రకారం, ఒక సంస్థ మరో కంపెనీలో వాటాదారు అయితే తన ప్రతినిధిని పాలక వర్గం తీర్మానంతో ఎంచుకోవచ్చు. కార్పొరేషన్ పాలక వర్గం కౌన్సిలే అని నా అభిప్రాయం. 136వ సెక్షన్ ప్రకారం ఆడిట్ అయిన లెక్కలు వార్షిక సమావేశానికి కనీసం 21 రోజుల ముందు వాటాదారుకి అందాలి. అవి కమిషనర్ పేషీకి వచ్చి ఫైల్లో ఉండిపోతుంటాయి. వాటిని కౌన్సిల్ ముందు పెట్టమని, సమావేశంలో ఎలా ఓటెయ్యాలో ముందుగా కౌన్సిల్‌లో చర్చించాలని మీ కార్పొరేటర్ తీర్మానం ఇవ్వవచ్చు. సగం వాటా ఉన్నవాళ్లు వ్యతిరేకిస్తే కంపెనీ నియమావళి మార్చడం కుదరదు, దానికి నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి మరి.

దీనికి పరిమితి కూడా ఉంది. కౌన్సిల్ తీర్మానాన్ని నిలిపివేసే అధికారం మున్సిపల్ చట్టంలోనే ప్రభుత్వానికి ఉంది. కాబట్టి ప్రతినిధిని మార్చే తీర్మానం మీద గొడవ జరగవచ్చు. లెక్కలు చూపించమనే తీర్మానాన్ని ఆపడం అంత తేలిక కాదు, అందుకే దానితో మొదలుపెట్టమనండి. మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. కేంద్రం డబ్బు రాదు, ఆస్తులు మాత్రం మీ కార్పొరేషన్ భరించాలి. కంపెనీ వార్షిక సమావేశం మామూలుగా సెప్టెంబరు 30 లోపు జరగాలి, కాబట్టి తీర్మానం జులై, ఆగస్టు కౌన్సిల్ అజెండాలోకి వెళ్లేలా చూడండి.