పెట్టీ క్యాష్ రీయింబర్స్‌మెంట్ ఎంట్రీలో దేన్ని డెబిట్ చేయాలి?

ప్రశ్న: "మాది బెంగళూరులో చిన్న ఆఫీసు. పెట్టీ క్యాష్ ఇంప్రెస్ట్ 15,000. ఆటో, టీ, కొరియర్ అన్నీ కలిపి ఇరవైకి పైగా వోచర్లు ఉన్నాయి. చెక్కు తీసుకునేటప్పుడు పెట్టీ క్యాష్‌ను డెబిట్ చేయాలా, ఖర్చులనా? పైగా క్యాష్ టాలీ కావట్లేదు, టెన్షన్‌గా ఉంది."

పీణ్యాలో ఒక వర్క్‌షాప్ ఆఫీసులో నేను నాలుగేళ్లు ఇదే పని చేశానండి. మా ఇంప్రెస్ట్ కూడా 15,000 కాబట్టి ఒక నెల లెక్కే చెప్తాను.

ముందు ఎంట్రీ జోలికి వెళ్లకండి, డబ్బాలో ఉన్నది లెక్కపెట్టండి. చేతిలో క్యాష్, ఖర్చు వోచర్లు, ఇంకా లెక్క చెప్పని అడ్వాన్సు చీటీలు, ఈ మూడూ కలిపితే 15,000 రావాలి. ఆ నెల మాకు క్యాష్ 1,940, డ్రైవర్ తీసుకున్న 500 చీటీ, వోచర్లు 12,470. కలిపితే 14,910, అంటే 90 తక్కువ. తేడా తొమ్మిదితో భాగారం పోతే అంకెలు తారుమారై ఉండొచ్చని మా సీనియర్ అక్క చెప్పేది. వోచర్లన్నీ మళ్లీ ఒక్కొక్కటే తిప్పితే, యశవంతపూర్ వెళ్లొచ్చిన ఆటో వోచర్ మీద 320 ఉంది, నేను షీటులో 230 కొట్టాను. అది సరిచేస్తే వోచర్లు 12,560 అయ్యాయి, లెక్క సరిపోయింది. ఎంత వెతికినా తేడా దొరక్కపోతే దాన్ని టీ ఖర్చులో కలిపేయకండి, "క్యాష్ షార్టేజ్" అని విడిగా లెడ్జర్ పెట్టి, మేనేజర్ సంతకంతో అందులో చూపించండి.

తర్వాత వోచర్లను హెడ్‌ల వారీగా కుప్పలు పెట్టి, ఒక్కో కుప్పకీ మొత్తం రాసుకుంటే ఎంట్రీ దానంతటదే తయారవుతుంది. మాది ఇలా వచ్చింది:

```
కన్వేయన్స్              డె.   3,180
స్టాఫ్ వెల్ఫేర్            డె.   2,450
కొరియర్                డె.   1,500
ఇన్‌పుట్ సీజీఎస్టీ         డె.     135
ఇన్‌పుట్ ఎస్జీఎస్టీ         డె.     135
స్టేషనరీ                డె.   1,260
రిపేర్లు                 డె.   1,900
హమాలీ                 డె.   2,000
   బ్యాంకు              క్రె.  12,560
```

ఇందులో పెట్టీ క్యాష్ ఎక్కడా లేదు చూడండి. మొదట 15,000 ఇచ్చిన రోజు దాన్ని ఒకసారి డెబిట్ చేశాం, ఇంప్రెస్ట్ పెంచితేనో తగ్గిస్తేనో తప్ప మళ్లీ ముట్టుకోం. డ్రైవర్ 500 కూడా ఇందులో లేదు, అతను బిల్లు తెచ్చేదాకా అది ఖర్చు కాదు. చెక్కు మార్చాక చేతిలో 14,500, చీటీ 500, మళ్లీ 15,000.

కొరియర్ బిల్లు మీద మా కంపెనీ పేరూ జీఎస్టీ నంబరూ ఉన్నాయి కాబట్టి 1,770ని అలా విడగొట్టాను. నంబరు లేని బిల్లయితే మొత్తం ఖర్చులోకే వెళ్తుంది. టీ, టిఫిన్ బిల్లు మీద జీఎస్టీ కనిపించినా మనలాంటి ఆఫీసుకి మామూలుగా క్రెడిట్ రాదు, విడగొట్టకండి.

ఇక నేను నిజంగా దెబ్బతిన్నది ఇక్కడ. మా టాలీలో వోచర్లను ఏ రోజుకారోజు F5 పేమెంట్‌లో, పెట్టీ క్యాష్ క్రెడిట్ చేస్తూ ఎక్కించే అలవాటు ఉండేది. అది కూడా సరైన పద్ధతే, కానీ అప్పుడు ఖర్చులు ముందే పుస్తకంలోకి వచ్చేశాయి కాబట్టి చెక్కు తీసుకున్న రోజు F4 కాంట్రాలో బ్యాంకు నుంచి పెట్టీ క్యాష్‌కి వేస్తే చాలు. కొత్తలో నాకది తెలియక రెండు నెలలు పైన చూపించిన ఎంట్రీ కూడా వేశాను. ఖర్చులన్నీ రెండుసార్లు పడ్డాయి, కాంట్రా లేక పెట్టీ క్యాష్ లెడ్జర్ క్రెడిట్ బ్యాలెన్స్‌లోకి పోయింది. చేతిలో ఉన్న డబ్బు సున్నా కంటే తక్కువ ఎలా అవుతుందని ఆడిటర్ గారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే మీ ఆఫీసులో ఏ పద్ధతి నడుస్తోందో తెలియకపోతే ముందు పెట్టీ క్యాష్ లెడ్జర్ తెరవండి. అందులో రోజూ పేమెంట్లు కనిపిస్తే కాంట్రా వేయండి, మొదటి 15,000 ఒక్కటే ఉంటే నా పట్టికలా ఖర్చులు డెబిట్ చేయండి.

పట్టికలా ఖర్చులు డెబిట్ చేసే ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. మార్చి 31 నాటికి చెక్కు తీసుకోకపోయినా, డబ్బాలో ఉన్న ఖర్చు వోచర్లను ఆ తేదీతోనే ఎక్కించాలి, అప్పుడు మాత్రం క్రెడిట్ పెట్టీ క్యాష్‌కి. ఏప్రిల్‌లో చెక్కు వచ్చినప్పుడు పెట్టీ క్యాష్ డెబిట్, బ్యాంకు క్రెడిట్.

చెక్కు సంతకం అవగానే ప్రతి వోచర్ మీదా, దాని వెనక పిన్ చేసిన బిల్లు మీద కూడా "పెయిడ్" ముద్ర కొట్టేయండి. మా దగ్గర వోచర్ మీద మాత్రమే కొట్టేవాళ్లం, ఊడిపోయిన ఒక ప్లంబర్ బిల్లు తర్వాతి నెల కొత్త వోచర్‌తో మళ్లీ నా టేబుల్ మీదకి వచ్చింది.