ఎరుపు, ఆకుపచ్చ గీతలు ఒకేలా కనిపిస్తున్నప్పుడు

"స్లయిడ్‌లో అమ్మకాలకు ఆకుపచ్చ గీత, ఖర్చులకు ఎర్ర గీత పెట్టాను. వర్ణాంధత ఉన్న సహోద్యోగికి రెండూ ఒకేలా ఉన్నాయట. ఏం చేయాలి?"

అమ్మకాలకు నీలం #0072B2, ఖర్చులకు నారింజ ఎరుపు #D55E00 పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారు కూడా వీటిని గుర్తుపడతారు. అయితే నలుపు తెలుపు ముద్రణలో రెండూ దగ్గరి బూడిద రంగులే అవుతాయి. అందుకే ఖర్చులకు చుక్కల గీత వాడి, పేర్లను గీతల చివరే రాయండి. ఆ పేర్లకు మాత్రం నలుపే మేలు. తెలుపుపై ఈ నారింజ కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, సుమారు 3.9:1; గీతకు 3:1 చాలు గానీ చిన్న అక్షరాలకు 4.5:1 కావాలి. అక్షరాలు 24 పాయింట్లకు తగ్గనివ్వకండి.

స్క్రీన్ రీడర్ చదివి వినిపించే చిత్ర వివరణలో "గీతల చార్టు" అని వదిలేస్తే చూపులేనివారికి ఏమీ అందదు. "మార్చి నుంచి ఖర్చులు అమ్మకాలను దాటాయి" అన్నట్టు, చార్టు చెప్పే విషయమే రాయండి.