యాంటెన్నా కొన ఎటు చూస్తుందో చూసుకోండి

ప్రశ్న: మాది సీతమ్మధారలో మూడంతస్తుల ఇల్లు. రౌటర్ మధ్య అంతస్తు హాల్లో ఉంది. నాలుగు యాంటెన్నాలూ నిటారుగా పెట్టాను. ఆ అంతస్తంతా బాగానే వస్తోంది కానీ సరిగ్గా పై గదిలోనూ కింది గదిలోనూ వీడియోలు ఆగిపోతున్నాయి. ఎటు తిప్పాలి?

జవాబు: రెండింటిని నిటారుగానే ఉంచి, మిగిలిన రెండింటిని నేలకు సమాంతరంగా పడుకోబెట్టండి. అయితే ఏ దిక్కుగా పడుకోబెట్టాలన్నది కూడా చూసుకోవాలి. నేను తప్పు చేసింది అక్కడే.

కడ్డీలాంటి ఈ యాంటెన్నా నుంచి సిగ్నల్ అన్ని వైపులకూ సమానంగా పోదు. చిల్లుగారె మధ్యలో పుల్ల గుచ్చినట్టు ఊహించుకోండి. పుల్ల యాంటెన్నా, గారె సిగ్నల్. పుల్ల నిటారుగా ఉంటే గారె నేలకు సమాంతరంగా పరుచుకుంటుంది, ఆ అంతస్తంతా అందుతుంది. పుల్ల రెండు కొసలు చూసే చోట, అంటే సరిగ్గా పైనా కిందా, సిగ్నల్ పలచబడుతుంది. మీ రెండు గదులూ ఉన్నది అక్కడే. పుల్లను పడుకోబెడితే గారె బండిచక్రంలా లేచి నిలబడుతుంది. అప్పుడు పైకీ కిందికీ పోతుంది.

మాది ఎంవీపీ కాలనీ. మేము మధ్యలో, అమ్మానాన్నలు కింద, మా అబ్బాయి చదువుకునే గది పైన. ఫోనులో సిగ్నల్ కొలిచే యాప్ పెట్టుకుని చూస్తే, రౌటర్‌కు సరిగ్గా పైనున్న గదిలో -76 డీబీఎం చూపించింది. అదే అంతస్తులో నాలుగు మీటర్లు పక్కకు జరిగి వరండాలో నిలబడితే -71. ఈ అంకెల్లో సున్నాకు దగ్గరగా ఉన్నదే మెరుగు. దూరం జరిగితే సిగ్నల్ పెరిగిందంటే లోపం స్లాబులో ఒక్కదానిలోనే లేదని అర్థమైంది. మీరూ ఇలా కొలిచి చూడండి. పక్కకు జరిగినా మెరుగు కాకపోతే యాంటెన్నా తిప్పి పెద్దగా ప్రయోజనం ఉండదు.

రెండింటిని పడుకోబెట్టాక పై గదిలో -69, కింద -68 వచ్చాయి. సంబరపడేలోపే వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది, అక్కడ సిగ్నల్ తగ్గిందని. పడుకోబెట్టిన రెండింటి కొనలనూ వంటింటివైపే పెట్టాను మరి. చక్రం ఇరుసు ఎటుంటే అటు సిగ్నల్ తక్కువ. కొనలను వీధి గోడవైపు తిప్పాను. ఆ వైపు ఎవరూ కూర్చోరు. వంటింట్లో మునుపటి అంకె దాదాపు తిరిగి వచ్చింది, పైనా కిందా ఏమీ తగ్గలేదు. మీ ఇంట్లోనూ అంతే, ఎవరికీ అక్కర్లేని దిక్కుకు కొనలు చూపించండి.

నాలుగూ పడుకోబెడితే ఇంకా బాగుంటుంది కదా అనిపిస్తుంది. అలా చేస్తే మీ అంతస్తులోనే కొనల వైపు గదులు దెబ్బతింటాయి. పైగా ఫోనును మనం ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పట్టుకుంటాం కాబట్టి రౌటర్‌లోనూ రెండు రకాలూ ఉండటమే మేలు. రౌటర్ గోడకు వేలాడుతుంటే దాని పెట్టెను పట్టించుకోవద్దు, నేలతో పోల్చి యాంటెన్నా నిలువా అడ్డమా అన్నదే చూడండి.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. రౌటర్ ఇచ్చే 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ వైఫైలు రెండింటికీ ఒకే పేరు ఉంటే ఫోను ఎప్పుడు దేనికి మారుతుందో తెలియదు, అంకెలు పోల్చడానికి పనికిరావు. సెట్టింగుల్లో పేర్లు విడదీసి, ఒకే చోట, ఫోను ఒకేలా పట్టుకుని నిమిషంపాటు చూడండి. అంకె ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది, రెండు మూడు డీబీఎం తేడాను లెక్కలోకి తీసుకోవద్దు.

ఇనుప చువ్వలున్న స్లాబు ఒకటి అడ్డముంటే ఈ పద్ధతి పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ మరీ బలహీనంగా ఉంటే ఆ గదిలో 2.4కు మారండి, వేగం తగ్గినా స్లాబును కాస్త మెరుగ్గా దాటుతుంది. రెండు స్లాబులు దాటాలంటే మాత్రం యాంటెన్నాలతో కుస్తీ పట్టవద్దు. మా డాబా మీది గదికి మెట్ల పక్క నుంచి లాన్ కేబుల్ లాగి, అక్కడ పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌లో వచ్చే నెట్‌ను ఆ గదిలో వైఫైగా పంచేలా పెట్టాను.

ఇంకొకటి. దుమ్ము తుడిచినప్పుడల్లా మా అమ్మ ఆ నాలుగింటినీ చక్కగా నిటారుగా నిలబెట్టేస్తుంది. పడి ఉన్నాయి కదా పాపం అని. మీ పై గదిలో మళ్ళీ వీడియో ఆగితే ముందు అది చూడండి.