ఇద్దరికీ అవే రెండు పెగ్గులు.. ఆయనకేం కాదు, నాకే ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 31. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 50 కిలోలు. మావారికి 36, ఎత్తు 175, బరువు 85. వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో కూర్చున్నప్పుడు ఇద్దరం రెండేసి లార్జ్‌ల విస్కీ తీసుకుంటాం. ఆయన మామూలుగానే ఉంటారు, నాకు మాత్రం మాట తడబడుతుంది. పోయిన శనివారం డైటింగ్ అని మధ్యాహ్నం సరిగా తినలేదు. రాత్రి 9 నుంచి 11 దాకా కూర్చున్నాం, తర్వాత ఆయనే కారు నడిపారు. ఇంటికొచ్చి ఆఫీస్ టెన్షన్‌కని రోజూ వేసుకునే ఆల్ప్రాజోలామ్ 0.5 మాత్ర వేసుకున్నానట, నాకు గుర్తే లేదు. పొద్దున చూస్తే దిండు మీద వాంతి. అలవాటైతే సర్దుకుంటుందని ఆయన అంటారు. నీళ్లు ఎక్కువ తాగితే తేడా తగ్గుతుందా? కెపాసిటీ పెరగాలంటే ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కెపాసిటీ సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఆ మాత్ర గురించి మాట్లాడాలి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన మాటలు రెండే, ఆల్ప్రాజోలామ్, దిండు మీద వాంతి. మద్యం, ఆల్ప్రాజోలామ్ రెండూ మెదడును దాదాపు ఒకే దారిలో మత్తులోకి దించుతాయి. ఒకటి మీద ఒకటి పడితే మత్తు ముదరడమే కాదు, ఊపిరి కూడా మందగిస్తుంది. వాంతి వస్తే లేచి కూర్చోవాలన్న తెలివి, గొంతులోకి జారినదాన్ని దగ్గి బయటికి తోసేసే శక్తి, రెండూ తగ్గిపోతాయి. ఆ రాత్రి మీరు పక్కకు తిరిగి పడుకుని ఉంటారు కాబట్టి సరిపోయింది. వెల్లకిలా ఉండి ఉంటే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఇంకా ఎక్కువ. క్యాజువాలిటీలో ఇలాంటి కేసులు చూశాను. తెచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, "నిద్రపోతోంది కదా అని వదిలేశాం సార్" అని.

మాత్ర వేసుకున్న విషయమే గుర్తు లేదన్నారు కదా, అది మామూలు మరుపు కాదు. ఆ సమయంలో మెదడు జ్ఞాపకాన్ని రాసుకోవడం ఆపేసింది. మనిషి నడుస్తూ, మాట్లాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం ఏదీ నమోదు కాదు. మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు లేక రెండోది వేసుకునే ప్రమాదం ఉన్నదీ అప్పుడే.

ఇక మీ ఇద్దరి తేడా. మద్యం కొవ్వులో పెద్దగా కలవదు, ఒంట్లో నీళ్లు ఎక్కడుంటే అక్కడికి వెళుతుంది. అంటే మనిషి ఎన్ని కిలోలున్నాడన్నదాని కంటే ఆ కిలోల్లో నీళ్లెన్ని అన్నది ముఖ్యం. కండలో నాలుగింట మూడు వంతులు నీళ్లే, కొవ్వులో చాలా తక్కువ. ఆడవాళ్ల శరీరంలో సహజంగానే కొవ్వు పాలు ఎక్కువ, కండ పాలు తక్కువ. అందుకే మగవాళ్ల బరువులో సుమారు 60 శాతం నీళ్లుంటే, ఆడవాళ్ల బరువులో సుమారు 50 శాతమే ఉంటాయి. వయసు, ఎత్తు, బరువులను బట్టి ఒంట్లో నీళ్లు లెక్కగట్టే సూత్రాలు మాకు ఉన్నాయి. వాటి ప్రకారం మీ ఒంట్లో దాదాపు 27 లీటర్లు, మీవారి ఒంట్లో దాదాపు 46 లీటర్లు ఉంటాయి. చిన్న గిన్నెడు చారులోనూ, పెద్ద గిన్నెడు చారులోనూ అదే గుప్పెడు ఉప్పు వేస్తే ఏది ఉప్పు కషాయమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మీ శనివారం లెక్కే వేద్దాం. మన దగ్గర దొరికే విస్కీ సాధారణంగా 42.8 శాతం. 60 ఎం.ఎల్. లార్జ్‌లో అసలు మద్యం సుమారు 20 గ్రాములు, రెండు లార్జ్‌లకు 40. ఆ 40 గ్రాములూ మీ 27 లీటర్లలో కలిస్తే, 100 ఎం.ఎల్. రక్తంలో సుమారు 120 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. మీవారి 46 లీటర్లలో కలిస్తే 70 దగ్గర ఆగుతుంది. అదే బాటిల్, అదే పెగ్గు, కానీ మీ మెదడుకు చేరింది ఆయన కంటే ఒకటిన్నర రెట్లకు పైనే. ఇది అంచనా మాత్రమే, మనిషిని బట్టి అయిదో వంతు అటూ ఇటూ కావచ్చు. ఈ లెక్క చూసుకుని ఎవరూ కారు తాళాలు చేతిలోకి తీసుకోవద్దు.

దించే పని కాలేయానిది. అది 100 ఎం.ఎల్. రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తన వేగంతో తను చేసుకుపోతుంది, మనం తొందరపెడితే పరిగెత్తదు. 9కి మొదలుపెట్టి 11కి లేచారు అనుకుంటే, అప్పటికి మీలో ఇంకా 90 దాకా, మీవారిలో 40 దాకా ఉండి ఉంటుంది. మీరు మాత్ర మింగింది ఆ 90 మీద. ఆల్ప్రాజోలామ్ మింగాక ఒకటి రెండు గంటల్లో పూర్తి బలానికి వస్తుంది. అంటే అర్ధరాత్రి దాటాక, ఇల్లంతా నిద్రపోయాక, మీ ఒంట్లో రెండు మత్తులూ కలిసి పని చేశాయి. మద్యం పూర్తిగా దిగేసరికి తెల్లవారుజాము 5 అయి ఉంటుంది, మాత్ర ప్రభావం అప్పటికీ మిగిలే ఉంటుంది.

మధ్యలో ఒక మాట, ఇది మీవారికి. సార్, "మామూలుగానే" ఉన్న మీ రక్తంలో ఆ 40 ఉండగా స్టీరింగ్ పట్టుకున్నారు. మన చట్టంలో హద్దు 30. మనకు మత్తుగా అనిపించకపోవడం, మత్తు లేకపోవడం రెండూ ఒకటి కాదు. పక్క సీట్లో భార్య తూలుతూ ఉంటే మీరు పోల్చుకున్నది ఆమెతో, అందుకే మీకు మీరు బాగానే ఉన్నట్టు అనిపించింది.

అదే బరువున్న మగాడికీ నాకూ తేడా ఉండదేమో అని మీకు అనుమానం రావచ్చు. ఉంటుంది. సగటు ఎత్తున్న 70 కిలోల మగమనిషిలో దాదాపు 41 లీటర్ల నీళ్లుంటే, 70 కిలోల ఆడమనిషిలో 32 దగ్గర ఉంటాయి. పైగా బరువు పెరిగితే తట్టుకోవచ్చు అనుకోవడం కూడా పొరపాటే, పెరిగింది కొవ్వయితే నీళ్లు పెద్దగా పెరగవు కాబట్టి రక్తంలో మద్యం పాలు కూడా పెద్దగా తగ్గదు. వయసు మళ్లినవాళ్ల ఒంట్లో కూడా నీళ్లు తగ్గుతాయి. 40 ఏళ్లప్పుడు మూడు పెగ్గులు తాగి నిలబడ్డ పెద్దాయన 65లో అదే మూడుకు బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని వస్తుంటారు, అది ఇందుకే.

మరి నీళ్లు తాగితే? ఒంట్లో నీళ్లన్నానని బాటిల్ ఎత్తకండి. ఒక లీటరు అదనంగా తాగితే 27 కాస్తా 28 అవుతుంది, అది కూడా కిడ్నీలు బయటికి పంపేదాకా, అంటే ఓ రెండు గంటలు. 120 అయినది 115 అవుతుందేమో. మీ 27 లీటర్లు కణాల్లో, కండల్లో, రక్తంలో ఉండేవి, గ్లాసుతో పెరిగేవి కావు. పెగ్గుకూ పెగ్గుకూ మధ్య నీళ్లు తాగితే నెమ్మదిగా తాగుతారు, పొద్దున నోరు ఎండిపోకుండా ఉంటుంది, దాని లాభం అంతవరకే. పెరుగు, నిమ్మరసం, కాఫీ వీటిలో ఏదీ కాలేయాన్ని తొందరపెట్టదు. కాఫీ తాగితే నిద్ర ఎగిరిపోయినట్టు ఉంటుంది కానీ మత్తు పోదు.

ఖాళీ కడుపు సంగతి వేరు, అది నిజంగానే తేడా తెస్తుంది. కడుపులో అన్నం ఉంటే మద్యం అక్కడే ఆగి నెమ్మదిగా చిన్నపేగులోకి జారుతుంది, రక్తంలో అంత ఎత్తుకు ఎగబాకదు. ఏమీ తినకుండా తాగితే గబగబా పైకి వెళుతుంది. దానికి తోడు, తిండి లేనప్పుడు కాలేయం తయారుచేయాల్సిన చక్కెరను మద్యం అడ్డుకుంటుంది కాబట్టి షుగర్ పడిపోవచ్చు కూడా. షుగర్ పడిపోయిన మనిషి, తాగి పడిపోయిన మనిషి చూడటానికి ఒకేలా ఉంటారు. బరువు తగ్గాలని అన్నం మానేసి ఆ సాయంత్రమే విస్కీ పట్టుకోవడం ఏం డైటింగ్ తల్లీ?

"అలవాటైతే సర్దుకుంటుంది" అన్న మాటను ఇంట్లో ఇక వాడకండి. అలవాటుతో ఒంట్లో నీళ్లు పెరగవు. మెదడు ఆ మత్తుకు మొద్దుబారుతుంది, అంతే. రక్తంలో 120 దాదాపు 120గానే ఉంటుంది, కాలేయానికి జరిగే నష్టమూ అలాగే ఉంటుంది, మీకు తెలియడం మాత్రమే తగ్గుతుంది. మాట తడబడటం మీ ఒళ్లు చేస్తున్న హెచ్చరిక, దాన్ని ఆపేయడానికి ఉపాయం అడగకండి. మీవారి రెండు లార్జ్‌లకు లెక్క ప్రకారం మీ ఒంట్లో సమానమయ్యేది సుమారు 70 ఎం.ఎల్., అంటే ఒక లార్జ్‌కు కాస్త ఎక్కువ. అంత తాగమని సలహా ఇవ్వడం లేదు, ఆ మాత్ర వాడుతున్నంత కాలం మీకు నా లెక్క సున్నా. పిల్లల కోసం చూస్తున్నా, పీరియడ్ ఆలస్యమైనా కూడా సున్నానే.

మాత్రను ఎవరు రాసిచ్చారో మీరు రాయలేదు. రాయలేదంటేనే నాకు అనుమానం. పాత చీటీ చూపించో, తెలిసిన మెడికల్ షాపు కదా అనో తెచ్చుకుంటున్నారేమో. ఆల్ప్రాజోలామ్ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని, అమ్మినప్పుడు షాపువాళ్లు వివరాలు రిజిస్టర్‌లో రాసుకోవాల్సిన మందుల జాబితాలో ఉంది. ఆఫీస్ టెన్షన్‌కు రోజూ 0.5 వేసుకోవడం తలనొప్పికి మాత్ర వేసుకోవడం లాంటిది కాదు. కొన్ని వారాలకే అలవాటు పడుతుంది. ఇది చదివి భయపడి ఇవాళ రాత్రి నుంచే ఒక్కసారిగా ఆపేయకండి, కొందరికి నిద్ర పూర్తిగా పోతుంది, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చూసి, మోతాదును వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. పార్టీ రోజు ఒక్క పూట మాత్ర మానేసి తాగుదాం అన్న తెలివి కూడా వద్దు, ముందు రోజు మాత్ర ఇంకా కొంత ఒంట్లోనే ఉంటుంది.

మళ్లీ ఎప్పుడైనా మీ ఇంట్లోనో ఫ్రెండ్స్‌లోనో ఎవరైనా తాగి పడిపోతే, పిలిచినా, గట్టిగా గిల్లినా లేవకపోతే, గురక మధ్యలో ఆగి ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటుతుంటే, పెదాలు నీలంగా మారితే, మత్తులో వాంతులు ఆగకపోతే, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. నోట్లో మజ్జిగ పోయొద్దు, వేలు పెట్టి కక్కించొద్దు, ఒంటరిగా వదలొద్దు. ఏ మాత్రలు వేసుకున్నారో అంబులెన్స్ వాళ్లకు దాచకుండా చెప్పండి, స్ట్రిప్ దొరికితే చేతికివ్వండి.

మిమ్మల్ని చూడకుండా ఇంతకంటే చెప్పడం సరికాదు. ఈ వారంలోనే ఒక ఫిజీషియన్‌ను గానీ సైకియాట్రిస్ట్‌ను గానీ కలవండి, మీవారిని కూడా తీసుకెళ్లండి. ఆ స్ట్రిప్, ఉంటే పాత చీటీ పట్టుకెళ్లండి. ఎన్ని నెలలుగా వేసుకుంటున్నారు, వారానికి ఎన్ని పెగ్గులు, ఇలా గుర్తు లేకుండా పోవడం ఎన్నోసారి అన్నవి తగ్గించకుండా చెప్పండి. శనివారం తర్వాత దగ్గు, జ్వరం, ఆయాసం ఏమైనా మొదలైతే మాత్రం వారం దాకా ఆగకండి, ఊపిరితిత్తుల్లోకి కొంచెం పోయి ఉండొచ్చు, ఇవాళే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి.